పట్టి చూసినవారు

ముల్లు ఎనిమిది పాయింట్ నాలుగు గీత మీదకి వచ్చి అక్కడే సన్నగా వణుకుతూ ఉంది. సంచి కదలడం లేదు. కొక్కెం కదలడం లేదు. ముల్లు మాత్రం కదులుతోంది.

"ఎనిమిది నాలుగు. అత్తయ్య పాస్!" అంది కోడలు చప్పట్లు కొడుతూ. వెంటనే సంచిని కొక్కెం మీంచి దింపేసింది. కొంచెం తొందరగానే దింపింది.

నేను కాగితం మీద 8.4 అని రాశాను. పక్కన చిన్న చుక్క పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు, కొలతల శాఖలో పనిచేశాను. అనుమానం వచ్చిన చోట చుక్క పెట్టడం అప్పటి అలవాటు. ఎందుకు అనుమానమో అప్పుడే చెప్పలేకపోయినా చుక్క పెట్టేవాణ్ణి. కారణం తర్వాత దానంతటదే వచ్చి ఆ చుక్క పక్కన కూర్చునేది.

మా ట్రెక్కింగ్ క్లబ్బుకి సైకిల్ షాపు పైన ఒక గది ఉంది. ఇరవై రెండు మెట్లు, ఒక కిటికీ, ఒక ఇనప బీరువా, దూలానికి వేలాడే గుండ్రటి స్ప్రింగు తక్కెడ. మర్నాడు తెల్లారాక ఐదుగురం నాలుగు రోజుల నడకకి బయల్దేరాలి. మంచు అంచు దాకా ఎక్కి, గట్టు దాటి, అవతలి వైపు లోయలోకి దిగి, చుట్టు తిరిగి జీపు దించిన చోటికే వచ్చే దారి అది. మూడో రాత్రి గట్టు కింద పడుకోవాలి. అక్కడ సీసాలో నీళ్ళు గడ్డకడతాయి. నాయకుణ్ణి నేను. నేను సంతకం పెట్టని సంచి జీపు ఎక్కదు. సంచి ఎక్కకపోతే మనిషీ ఎక్కకూడదన్నది క్లబ్బు రూలు.

ఆ రూలు పెట్టింది నా భార్య. తను పోయి పద్నాలుగు నెలలైంది. ఇప్పటికీ మేం వాడే పట్టిక తను చేత్తో రాసిందే. జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి అక్షరాలు కాస్త లావెక్కాయి. అందులో రెండు భాగాలుంటాయి. ఎవరి బట్టలు, ఎవరి స్లీపింగ్ బ్యాగ్, ఎవరి తలలైటు వాళ్ళవి. ఆ భాగానికి 'నాది' అని పేరు. టెంట్లు, స్టవ్వు, గ్యాస్ డబ్బాలు, గిన్నెలు, తాడు, వానకి కప్పే పట్టా, మందుల డబ్బా, నీళ్ళ ఫిల్టరు, రిపేరు సామాన్లు, నాలుగు రోజుల తిండి 'మనది'. "మనది అని రాసిందల్లా ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకే ప్రతి వస్తువుకీ మోసే మనిషి ఒక్కరే ఉండాలి. చూసే మనిషి వేరే ఉండాలి," అనేది.

అందరి 'మనది' కలిపి ఇరవై మూడు కిలోలు. ఎవరికెంత పంచాలో నాలుగు రోజుల క్రితమే లెక్క వేశాను. నీళ్ళు కాకుండా సంచి బరువు మనిషి బరువులో ఐదో వంతు దాటకూడదు. అందుకే మేం ఎప్పుడూ పొడి తూకం వేస్తాం. నీళ్ళు జీపు దిగాక నింపుకుంటాం. రెండు లీటర్లంటే మనిషికి రెండు కిలోలు, ఆ చోటు ముందే వదలాలి. దాని ప్రకారం నా బామ్మర్దికి పద్నాలుగు, నాకు పదకొండు, మందుల షాపు నడిపే మందులమ్మకి పది ఆరు, కోడలికి పది నాలుగు, అత్తగారికి ఎనిమిది నాలుగు.

అత్తగారంటే కోడలికి అత్తగారు. క్రమంగా మా అందరికీ అత్తగారైపోయింది. యాభై ఏడేళ్ళు. బట్టలు కుట్టే షాపు. క్లబ్బులో చిరిగిన ప్రతి టెంటూ ఆవిడ చేతి మీదుగానే మళ్ళీ కొండెక్కింది. ఆవిడ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఒక ఏడాది కొడుకు పెళ్ళి వచ్చింది, మరో ఏడాది వానలకి కొండచరియలు పడి దారి మూశారు. ఇది మూడోసారి. కొలతలిచ్చిన ప్రతి మనిషికీ చెప్పేసింది, "ఈ జాకెట్టు వచ్చే వారం ఇవ్వను, మంచు చూసొచ్చి ఇస్తాను" అని.

తూకానికి ముందే నా ఐదు కిలోల రాయి తగిలించి తక్కెడని పరీక్షించాను. సరిగ్గా ఐదు చూపించింది. తక్కెడలో దోషం లేదు.

"బావా, నా సంచి కూడా ఎక్కించు. నీ చూపు చూస్తుంటే నేనే దొంగనేమో అనిపిస్తోంది," అన్నాడు బామ్మర్ది. ఎలక్ట్రీషియన్. భారీ మనిషి, నవ్వితే గది చిన్నదైపోతుంది.

పద్నాలుగు మూడు.

"మూడు వందలు ఎక్కువ. ఏం పెట్టావు?"

"పల్లీలు. వేయించినవి. అడిగితే ఎవరికీ ఇవ్వను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నా కళ్ళు వాడి చేతుల మీదే ఉన్నాయి. ఇక్కడో మాట చెప్పాలి. కిందటి నడకలో రెండో గ్యాస్ డబ్బా మాయమైంది. మూడో సాయంత్రం మొదటి డబ్బా అయిపోయింది, రెండోది ఏ సంచిలోనూ లేదు. నానబెట్టిన అటుకులు తిని, చలికి వణికి, ఒక రోజు ముందే దిగొచ్చాం. డబ్బా మోసేది నేనని పట్టికలో ఉంది, చూసింది బామ్మర్ది అని వాడి సంతకం ఉంది. జీపులో సామాను సర్దేటప్పుడు నేను వాడికి అందించానని నాకు బాగా గుర్తు. వాడే ఎక్కడో వదిలేశాడు. అడిగితే "ఏమో బావా" అన్నాడు. అంతే. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ "ఏమో" నాకు పది నెలలుగా గొంతులో ముల్లులా ఉంది. వాడు ఆదివారాలు వచ్చి ఫ్యాన్లు తుడిచి వెళ్తూనే ఉన్నాడు, నేను టీ ఇస్తూనే ఉన్నాను, మాటలు మాత్రం మునుపటిలా సాగడం లేదు.

మందులమ్మది పది ఐదు. నాది పదకొండు ఒకటి. కోడలిది పది నాలుగు. కచ్చితంగా గీత మీద.

అప్పుడు రెండో చుక్క పెట్టాను.

నిజమైన సంచులు అలా ఉండవు. ఇంట్లో తూచిన సంచికీ గదిలో తూచిన సంచికీ ఒకటి రెండు వందల తేడా వస్తుంది. ఒకరు సబ్బు మర్చిపోతారు, ఇంకొకరు పల్లీలు వేసుకుంటారు. ముగ్గురి సంచులు అటూ ఇటూ అయ్యాయి. ఈ అత్తాకోడళ్ళ సంచులు మాత్రం నేను రాసిచ్చిన అంకెలకి అతికించినట్టు ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి కొట్టు దొరికితే నేను బల్ల కింద చూసేవాణ్ణి.

అప్పుడు మిగతావీ గుర్తొచ్చాయి. నేను తాళం తీయడానికి వచ్చేసరికే అత్తగారు మెట్ల పైన, తలుపు పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. అందరికంటే ముందు రావాల్సిన పనేముంది? తలుపు తీశాక కిటికీ పక్కకి వచ్చి కూర్చుంది, మళ్ళీ లేవలేదు. మందులమ్మ టీ కప్పు అందిస్తే కోడలు మధ్యలో అందుకుని ఇచ్చింది. నేను అత్తగారిని ఏం అడిగినా జవాబు కోడలే చెబుతోంది.

"అత్తగారూ, పట్టా మీ సంచిలోనే కదా?"

"అత్తయ్య సంచిలోనే బాబాయ్ గారూ, తిండి మూట కింద."

"నేను ఆవిణ్ణి అడిగానమ్మా."

"ఉందన్నయ్యగారూ," అంది అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ. బయట సైకిళ్ళు తప్ప ఏమీ లేవు.

ఒకసారి బామ్మర్ది కోడలి దగ్గరికి వంగి ఏదో గొణిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నేను చూస్తున్నానని తెలిసి వాడు పైకి లేచి దూలం వంక చూస్తూ, "ఈ వైరింగ్ ఎవడు చేశాడో గానీ..." అన్నాడు. చేసింది వాడే.

వీడూ కలిశాడన్నమాట, అనుకున్నాను. ముగ్గురూ కలిసి ఏదో దాస్తున్నారు. ఏదో బరువు ఎక్కడో దించేశారు. మళ్ళీ గట్టు కింద రాత్రి నేను నలుగురి ముందు ఖాళీ చేతులతో నిలబడాలి.

"చూసినవారి సంతకాలు అయ్యాయా?" అన్నాను.

మందులమ్మ లేచింది. "మీదీ మీ బామ్మర్దిదీ నేను చూశాను సార్. నాది మీరు చూశారు. వీళ్ళిద్దరివీ ఆయన చూశారు." కాగితం నాకు అందిస్తూ ఉండగా టీ కప్పుకి మోచెయ్యి తగిలింది. టీ కాగితం మీద నిదానంగా పాకి, సంతకాల వరస అంతా తడిపేసింది.

"అయ్యయ్యో సార్!"

"పర్వాలేదమ్మా. బీరువాలో ఖాళీవి ఉంటాయి."

ఆ ఒలికిన టీకి నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

బీరువాలో ఫైలు తీశాను. ఖాళీ జిరాక్సులు అయిపోయాయి. అడుగున ఒక ప్లాస్టిక్ కవరులో అసలు కాగితం ఉంది. నీలం సిరా. తన అక్షరాలు. చాలా ఏళ్ళుగా దాన్ని నేను చూడలేదు. 'నాది'లో 'ది' గుడి ఎప్పుడూ పక్కకి వంగి ఉంటుంది, గాలికి ఒరిగిన టోపీలా. కాసేపు అదే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఎడమ చివర మొదటి గడి చదివాను. జిరాక్సుల్లో ఆ గడి పైన 'చూసినవారు' అని ఉంటుంది. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాం. అసలు కాగితంలో ఇంకో మాట ఉంది. కాగితం అంచుకి మరీ దగ్గరగా రాయడంతో జిరాక్సు మిషను దాన్ని కోసేసింది. కోసిన కాపీకే మళ్ళీ కాపీ తీశాం.

'పట్టి చూసినవారు.'

తనున్నప్పుడు ఆ మాట కాగితం మీద లేకపోయినా లోటు తెలియలేదు. ప్రతి సంచిలో చెయ్యి పెట్టి తడిమేది తనే కాబట్టి. తను పోయాక మేం కాగితంలో మిగిలిన మాట ప్రకారం నడిచాం. చూశాం, సంతకం పెట్టాం.

కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఇది చదవండి," అన్నాను.

మందులమ్మ పైకి చదివింది. బామ్మర్ది రెండుసార్లు చదివాడు. వాడి అక్క అక్షరాలు కదా, వేలితో ఆ మాట మీద మెల్లిగా నిమిరాడు. కోడలు చదవలేదు. అత్తగారి వైపు చూసింది.

"సంచులన్నీ విప్పాలి," అన్నాను. "ప్రతి వస్తువూ చేత్తో పట్టుకుని చూశాకే సంతకం."

"బాబాయ్ గారూ, నేను రాత్రంతా కూర్చుని సర్దాను! బరువైనవి వీపుకి ఆనేలా, తేలికవి అడుగున, వాన కోటు పైన... మీరు చెప్పినట్టే. మళ్ళీ విప్పితే అలా కుదరదు."

"కుదరకపోతే నేను సర్దిపెడతాను. ముందు నాదే విప్పుతాను."

నాదే విప్పాను. మందులమ్మ ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. తాడు, స్టవ్వు, గ్యాస్ డబ్బా, మూడు కిలోల తిండి. నా తలలైటు నొక్కి చూసి, "సార్, ఇది వెలగట్లేదు," అంది. బ్యాటరీ అరలో బ్యాటరీలు లేవు.

"శాఖ వారు కూడా దొరికిపోయారు," అన్నాడు బామ్మర్ది. నాకు సిగ్గేసింది. అయినా గదిలో గాలి కాస్త తేలికైంది.

వాడి సంచిలో పెద్ద టెంటు, తిండి, పల్లీలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏదో దొరుకుతుందని ఎదురుచూసిన నాకు, నిజం చెప్పాలంటే, నిరాశగా అనిపించింది. మందులమ్మవీ సరిగ్గా ఉన్నాయి. రెండో గ్యాస్ డబ్బా ఆవిడ సంచిలో ఉండాలి, ఉంది. రెండు డబ్బాలూ ఒకే సంచిలో పెట్టం. ఒక సంచి లోయలోకి జారితే రెండోదన్నా మిగలాలి.

ఇక కోడలి సంచి. ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

"నేను విప్పనా, నువ్వు విప్పుతావా?"

ఆ పిల్ల సంచి మీంచి చేతులు తీసింది. అడుగు అర జిప్పు నేనే తీశాను. స్లీపింగ్ బ్యాగ్ నీలం కవరు కనబడింది. నిండుగా, గుండ్రంగా ఉంది. ఎవరు చూసినా సంతకం పెడతారు. అరచేత్తో నొక్కాను. స్లీపింగ్ బ్యాగ్ దిండులా దిగిపోవాలి. ఇది దిగలేదు. చేతికి మూలలు తగిలాయి.

కవరు తాడు లాగాను. లోపల తిండి పొట్లాలు. రెండు కిలోలు. అత్తగారు మోయాల్సినవి.

మందపాటి కోటు కవరులో కోటు లేదు, వానకి కప్పే పట్టా ఉంది. అదీ అత్తగారిదే. ఉన్ని బట్టల చోటు ఖాళీ. స్లీపింగ్ బ్యాగ్, కోటు, ఉన్ని బట్టలు కలిపితే రెండు ఆరు. తిండీ పట్టా కలిపితే రెండు ఆరు. లెక్క ఒక్క గ్రాము తేడా లేకుండా కుదిరింది. మొత్తం సంచి పది నాలుగు.

"మూడో రాత్రి ఏం కప్పుకుని పడుకుందామనుకున్నావు తల్లీ?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కోపం కాదు, భయం.

"అత్తయ్య బ్యాగ్ పూర్తిగా విప్పి ఇద్దరం కప్పుకుంటాం. టెంటు ఒకటే కదా."

"అక్కడ నీళ్ళు గడ్డకడతాయి. ఒక మనిషి బ్యాగ్ ఇద్దరి మీద కప్పితే ఇద్దరికీ సగం సగం చలి కాదు, ఇద్దరికీ మొత్తం చలి. ఇద్దరినీ మోసుకు దిగాల్సింది మేం ముగ్గురం."

నేను అత్తగారి సంచి వైపు తిరిగాను. విప్పక్కర్లేదు. ముల్లు ఎందుకు వణికిందో ఇప్పుడు తెలిసింది. గట్టి వస్తువు బరువు ముల్లుని తెచ్చి గీత మీద కూర్చోబెడుతుంది. నీళ్ళు అలా కూర్చోనివ్వవు. సగం నిండిన సీసాలైతే మరీను. పాల డబ్బాలు తూచిన రోజుల్లో ఆ వణుకు నాకు బాగా పరిచయం. రెండు ఆరు కిలోల చోటులో నీళ్ళ సీసాలు. జీపు దిగాక పారబోసేస్తే సంచి ఐదు ఎనిమిదికి దిగుతుంది, ఎవరూ మళ్ళీ తూచరు.

"ఎందుకమ్మా?" అన్నాను.

అత్తగారు మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "ఆ పిల్లని ఏమీ అనకండి. ఆలోచన నాది."

"కాదు, నాది!" అంది కోడలు.

"నువ్వు ఊరుకో అమ్మాయ్. రాత్రి సీసాలు నింపింది నేను. నీ కోటు తీసేసిన సంగతి మాత్రం నాకు చెప్పలేదు నువ్వు. స్లీపింగ్ బ్యాగ్ ఉందన్నావు."

"ఉందన్నాను. ఎక్కడుందని మీరు అడగలేదుగా."

"చూశారా అన్నయ్యగారూ, దీనికి నేనే నోరు నేర్పాను."

మందులమ్మ అప్పటికే అత్తగారి ముందు నేల మీద కూర్చుంది. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి జరిపి కుడి మోకాలి మీద చెయ్యి పెట్టింది. ఎడమ మోకాలు చూసింది. మళ్ళీ కుడిది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు. షాపు ముందు మెట్టు తప్పాను. ఎక్కడానికి నొప్పి లేదు. దిగేటప్పుడే."

"డాక్టరేమన్నాడు?"

"ఆరు వారాలు బరువుతో దిగొద్దన్నాడు. సంచి తేలిగ్గా ఉంటే దిగొచ్చుగా అని అనుకున్నాను."

గట్టు అవతల వైపు దిగుడు ఏడు గంటలు. ఆ మాట నేను చెప్పక్కర్లేకపోయింది. ఆవిడకి తెలుసు. ఆ ఏడు గంటలూ ఎలా దిగాలా అని మూడు వారాలుగా లెక్కేసుకున్న మనిషి ఆవిడ. పొద్దున అందరికంటే ముందు వచ్చి, ఎవరూ చూడకుండా ఇరవై రెండు మెట్లు ఎక్కి కూర్చుంది. దిగేటప్పుడు అందరూ వెళ్ళాక దిగాలని.

"నువ్వు కూడానా?" అన్నాను బామ్మర్దితో. "నీకు తెలుసా ఇదంతా?"

"మోకాలి సంగతి తెలుసు. ఈ పిల్ల ఇప్పుడే చెప్పింది. 'బావకి చెప్పెయ్, అరవడు' అంటున్నాను, అప్పుడు గొణిగింది అదే. నీలం కవరు సంగతి నాకు తెలీదు బావా. చూశాను, సంతకం పెట్టాను. పోయినసారిలాగే."

"పోయినసారిలాగే అంటే?"

వాడు నాలుక కరుచుకున్నాడు. నేను వాణ్ణి చూస్తూనే ఉన్నాను.

"వదిలెయ్ బావా."

"పది నెలలుగా వదలలేకపోతున్నాను రా. చెప్పు."

వాడు నా సంచి దగ్గరికి వెళ్ళి గ్యాస్ డబ్బా తీశాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో '2' అని ఉంది. "ఇది అప్పటిదే. దిగొచ్చిన రోజు నీ సంచి ఇంట్లో పెట్టడానికి వచ్చాను కదా. ఇది నీ మంచం కింద ఉంది. డబ్బా అట్టపెట్టె నీ సంచిలో ఉంది, ఖాళీది. నేను ఆ అట్టపెట్టె చూసే సంతకం పెట్టాను. డబ్బా తెచ్చి ఇక్కడి బీరువాలో పెట్టేశాను." మెడ రుద్దుకున్నాడు. "అక్క పోయి అప్పటికి నాలుగు నెలలు. నువ్వు స్టవ్ మీద పాలు పెట్టి బయటికి వెళ్ళిపోతున్న రోజులు. డబ్బా నువ్వే మర్చిపోయావని చెబితే నిన్ను ఇంక ఎవరూ నాయకుడిగా ఉండనిచ్చేవాళ్ళు కాదు. ఇదీ లేకపోతే నువ్వు ఆ ఇంట్లో ఏం చేస్తావు?"

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. జీపులో వాడికి అందించానన్న నా జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉందంటే, ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. పది నెలలు దాంతో వాణ్ణి తూచాను.

"పల్లీలు పెట్టరా," అన్నాను చివరికి.

"ఎవరికీ ఇవ్వనన్నాను కదా," అంటూనే పొట్లం విప్పాడు.

పల్లీలు తింటూ నిర్ణయం చెప్పాను. అత్తగారు గట్టు దాటరు. ఆవిడ తల దించుకుంది. కోడలు, "అయితే నేనూ రాను," అంది.

"నువ్వు వెళ్తావు. లేకపోతే ఆ మంచు ఎలా ఉందో నాకెవరు చెబుతారు? ఈయన చెబుతాడా? బరువెంతో చెబుతాడు," అంది అత్తగారు. నవ్వబోయి ఆపేసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మందులమ్మ పెన్ను అందుకుంది. "సార్, మరి ఆవిడ బరువు పంచాలి కదా."

లెక్క వేశాను. ఐదుగురి తిండి పన్నెండు కిలోలు. ఒకరి వాటా రెండు నాలుగు, అది మాతో రాదు. ఆవిడ మోయాల్సిన 'మనది' రెండు ఆరు. మిగిలింది రెండు వందల గ్రాములు. మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆగిపోతే మా వీపుల మీద పడే బరువు రెండు వందల గ్రాములు! కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

అప్పుడు కాగితం ఆఖరి వరస మీద కన్ను పడింది. జిరాక్సుల్లో కూడా ఉంది, పోయినసారి ఖాళీగా వదిలేశాను. 'కింద ఉండే మనిషి'. గుంపు ఏ దారిన వెళ్తోంది, ఏ గంటకి తిరిగి రావాలి, ఎవరి దగ్గర ఏముంది, ఈ వివరాలన్నీ చేతిలో ఉంచుకుని, ఆ గంట దాటితే కొండ రక్షణ వాళ్ళకి ఫోన్ చేసే మనిషి. నా భార్య రాని ప్రతి నడకకీ తనే ఆ మనిషి. పోయినసారి అసలు ఎవరూ లేరు. గ్యాస్ లేకపోవడం కంటే అదే పెద్ద తప్పని ఇప్పుడు అర్థమైంది.

"జీపు ఆగే చోట విశ్రాంతి గది ఉంది. ఫోన్ పనిచేస్తుంది. కిటికీలోంచి మంచు కనబడుతుంది," అన్నాను. "మీరు అక్కడి దాకా మాతో రండి. నాలుగు రోజులు అక్కడ ఉండాలి. నాలుగో రోజు సాయంత్రం ఆరు దాటి మేం రాకపోతే ఈ నంబరుకి చెయ్యాలి."

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "బుజ్జగిస్తున్నారా అన్నయ్యగారూ?"

"లేదమ్మా. ఈ గడి ఖాళీగా ఉంటే నేను ఎవరి సంచికీ సంతకం పెట్టకూడదు. నా సంచికి కూడా."

నేను చెప్పింది ఎంతవరకు నిజమో తూచుకుంటోందని తెలుస్తూనే ఉంది. తర్వాత బామ్మర్ది వైపు చెయ్యి చాపింది. "లేపు బాబూ."

వాడి చెయ్యి పట్టుకుని లేచి, బల్ల దాకా నిదానంగా నడిచింది. కాగితం తన వైపు తిప్పుకుంది.

"ఎవరి దగ్గర ఏముందో నాకు తెలిసి ఉండాలన్నారు కదా. నేను పట్టి చూడాలి. ఇక్కడ అలాగే రాసి ఉంది."

కోడలు స్కూటర్ మీద ఇంటికి పరుగెత్తి, స్లీపింగ్ బ్యాగ్, కోటు, ఉన్ని బట్టలు తెచ్చింది. దార్లో నాకు బ్యాటరీలు కూడా కొనుక్కొచ్చింది. పట్టా నేను తీసుకున్నాను, బదులుగా నా తిండిలోంచి నాలుగు వందల గ్రాములు బామ్మర్ది లాక్కున్నాడు. "పల్లీలు తగ్గాయిగా, చోటుంది," అన్నాడు.

అత్తగారు నీలం కవరుని రెండు చేతులతో నొక్కింది. అది దిండులా దిగిపోయింది. కవరు విప్పి, లోపల గుడ్డ వేళ్ళ మధ్య నలిపి, కుట్టు కూడా చూసి సంతకం పెట్టింది. ఒక్కో సంచీ అలాగే. ఎవరినీ తొందరపడనివ్వలేదు. నా తలలైటు మూడుసార్లు వెలిగించి ఆర్పింది.

చివరికి నా సంచిలోంచి '2' అని ఉన్న డబ్బా తీసింది. అట్టపెట్టె పక్కన పడేసింది. డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఉంది," అంది. నాకేసి జరిపింది. "మీరూ పట్టుకోండి అన్నయ్యగారూ."

పట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. పక్కన బామ్మర్ది కూడా చెయ్యి చాచాడు. వాడికి అందించాను. ఈసారి నిజంగానే అందించాను, నలుగురూ చూస్తుండగా.